చెప్పిందే చెప్పిన సారు

నా మెట్ట చెలక కొత్తగా తవ్వే కాలువ కింద పోవడానికి కారణం సర్వే ఆఫీసర్ వెంకటకృష్ణ సారే. ఏన్కూరు దగ్గర మా ఊరి గ్రామసభలో కరెంటు పోయింది. తెర మీద చూపించే వీలులేక సారు నోటితోనే మొదలుపెట్టారు.

"మూడు సంగతులు. మొదటిది కాలువ దారి, రెండోది పరిహారం, మూడోది అభ్యంతరాలు. మొదటిది అయింది, దారి తెలిసింది కదా? ఇగ రెండోది..."

"ఎన్నిసార్లు చెప్తరు సారూ? మేం ఒకటో తరగతి పిల్లలమా?" అన్నాను. సభంతా నవ్వింది.

మహానుభావుడు, వెంటనే మారిపోయారు! మిగతాదంతా గుక్క తిప్పుకోకుండా ఒక్కసారే చెప్పేశారు.

"అభ్యంతరాలకు గడువు ఎప్పుడన్నడు జంపయ్యా?" సారు కాగితాలు సర్దుకుంటుంటే అడిగాను.

"మూడోది ఇంకా మొదలుకాలేదు గదనే?" అన్నాడు పక్కనున్న జంపయ్య.

మ్యాపులో కాలువ గీత తప్పుగా నా చెలక మీద పడిందని చెప్పడానికి మంగళవారం సర్వే ఆఫీసుకు వెళ్లాను. గడువు సోమవారమే అయిపోయిందట. పోయింది ఎకరం పన్నెండు గుంటలు.