ఏ ఖాతా?

మా బావ మొండయ్య చేసిన నేరమేమిటో మీరే వినండి.

ఆన్‌లైన్‌లో బావ తన భార్యకు, అంటే మా నర్సవ్వక్కకు, తెప్పించిన కుట్టు మిషన్ విరిగిన చక్రంతో వచ్చింది. కంపెనీ మనిషి వచ్చి దాన్ని పట్టుకుపోయాడు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మేముండే సూరత్‌లోనే, సలాబత్‌పురాలో ఒక సేఠ్ చీరలకు లేసు కుట్టే పని అక్కకు ఇస్తానన్నాడు. సోమవారంలోగా సొంత మిషన్ ఉండాలన్నాడు. ఆ డబ్బు వస్తే తప్ప ఇంకో మిషన్ కొనే దారి లేదు. అందుకే అక్కా బావా ఇద్దరూ బమ్రోలిలోని నా మొబైల్ దుకాణానికి వచ్చి కూర్చున్నారు.

"జర నువ్వే మాట్లాడు తమ్మీ. మీ బావకు కోపమెక్కువ, మాట తక్కువ" అంది అక్క.

ఫోన్ చేశాను. కంపెనీ అమ్మాయి హిందీలో తీయగా చెప్పింది. "రిఫండ్ సక్సెస్‌ఫుల్ సర్. మీరు కట్టిన కార్డుకే పంపేశాం. రాకపోతే బ్యాంకును అడగండి."

అక్కడే తెలిసింది అసలు సంగతి. ఆ కార్డు, బావ మగ్గం నడిపిన పాత కార్ఖానా వాళ్లు జీతం వేయడానికి తీయించిన పగారు అకౌంటుది. మిషన్ ఆర్డరు పెట్టాక బావ కార్ఖానా మారాడు. కొత్త సేఠ్ వేరే బ్యాంకులో అకౌంటు తీయించాడు. పాతది బావే వెళ్లి మూయించాడు.

పాత బ్యాంకుకు పోయాం. కౌంటర్లో ఉన్నాయన తలెత్తకుండానే అన్నాడు. "అకౌంటే లేదు. లేని అకౌంటులో డబ్బెట్లా ఉంటుంది? కంపెనీనే అడగండి."

ఒకరు పంపామంటారు, ఒకరు రాలేదంటారు. మరి ఆ డబ్బు దారిలో ఉధ్నా రైల్వే ఫాటక్ దగ్గర దిగిపోయిందా? నాకు ఒళ్లు మండిపోయింది. బ్యాంకు మెట్ల మీద నుంచే మళ్లీ కంపెనీకి ఫోన్ కలిపి, పెద్దవాణ్ణి పిలవమని అరిచాను.

ఆ పెద్దవాడు ఇంకా ఘనుడు. "అకౌంటు నడుస్తోందా అని అడిగాకే పంపాం. మూసేశామని చెప్పి ఉంటే కొత్త అకౌంటు వివరాలు తీసుకునేవాళ్లం. మీ మనిషే నడుస్తోందన్నాడు, వినండి" అని రికార్డింగు వినిపించాడు.

ముందు మగ్గాల చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, "ఆప్‌కా ఖాతా చాలూ హై?" ఆ వెంటనే మా బావ గొంతు, గర్వంగా, చప్పుడు మీద అరుస్తూ, "చాలూ హై మేడమ్! రాత్ దిన్ చాలూ హై!"

బావ ముఖం ఎర్రబడింది. సూరత్‌లో మగ్గాల కార్ఖానాను కూడా ఖాతా అనే అంటారు. ఖాతాకు పోతున్నా, ఖాతా బంద్ అయింది, మా వాళ్ల నోట రోజూ ఇదే మాట. బ్యాంకు సంగతైతే అకౌంటు అంటారు.

"నేను మగ్గాల ఖాతా అనుకున్న. గా చప్పుట్ల ఏమినవడ్తది? రాత్రి దినం నడుస్తనే ఉంది గదా!" అన్నాడు బావ.

అందులో అబద్ధమేముంది? మగ్గం ముందు నిలబడ్డవాణ్ణి ఒక్క మాట అడిగి, ఆ ఒక్క మాటనే సాక్ష్యంగా దాచుకున్నారు!

"సరే, పంపారు కదా. పంపినట్టు గుర్తేమిటి?" అని అడిగాను.

"కార్డు రిఫండుకు ఏఆర్ఎన్ నంబరు ఉంటుంది సర్. అది చూపిస్తే బ్యాంకు వెతుకుతుంది."

"మొదటి ఫోన్లోనే ఎందుకు ఇవ్వలేదు?"

"మీరు అడగలేదు సర్."

అడగలేదట! పేరు తెలియని దాన్ని ఎవరైనా ఎట్లా అడుగుతారు? నంబరు మెసేజ్‌లో పెట్టించుకుని, ఈసారి కౌంటరును వదిలి నేరుగా మేనేజరు గదిలోకి పోయాం. ఆవిడ ఆ నంబరును కార్డుల విభాగానికి పంపింది. కాసేపటికి జవాబు వచ్చింది. అకౌంటు మూసి ఉండటంతో డబ్బు జమ కాలేదు. బ్యాంకు దగ్గరే, ఇటువంటి సొమ్ము ఆపి ఉంచే పద్దులో పడి ఉంది.

"ఇక్కడే ఉందా!" అంది అక్క. బయట కౌంటర్లో ఉన్నాయన ఇప్పుడూ తలెత్తలేదు.

మేనేజరు అడిగినట్టే దరఖాస్తు రాశాం. ఆధారు, పాత అకౌంటు మూసినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం, కొత్త పాసుబుక్కు మొదటి పేజీ జతచేశాం. పైనుంచి అనుమతి రావాలి, ఆగమన్నారు.

అనుమతి కోసం సోమవారం ఆగదు కదా. అక్క సలాబత్‌పురా పోయి బతిమాలింది. సేఠ్ ఆ పనిని సొంత మిషన్ ఉన్న ఇంకొకామెకు ఇచ్చేశాడు. ఆ తర్వాతి వారం బావ కొత్త అకౌంటులో డబ్బు పడింది, పైసా తక్కువ కాకుండా.

మర్నాడు వాళ్లిద్దరూ నా దుకాణంలో ఉండగానే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. బావ స్పీకర్ పెట్టాడు. అదే తీయని గొంతు. "సర్, ఖాతాలో డబ్బు వచ్చిందా? మా సేవకు ఐదులో ఎన్ని మార్కులిస్తారు?"

బావ నోరు తెరిచేలోగా అక్క ఫోన్ లాక్కుంది. అవతలి పిల్లకు తెలుగు రాదన్న సంగతే ఆమెకు పట్టలేదు.

"పైసలు పడ్డయి బిడ్డా. నా పని పోయింది. దాన్ని ఏ ఖాతాల ఏస్తరో జర చెప్పు."