అయోడిన్‌కి సరిపోయిన కోటు

స్వర్ణకుమారికి ఒక్కటే గర్వం ఉండేది: ఎంత పెద్ద సంగతైనా ఎదుటి మనిషికి రెండు ముక్కల్లో అర్థమయ్యేలా చెప్పగలనని. జగదల్‌పూర్‌లో ఒక ట్రస్టు ఆస్పత్రిలో ఆమె రేడియేషన్ ఫిజిసిస్టు. క్యాన్సరు రోగికి ఎంత మోతాదు పడాలో లెక్కకట్టేదీ, అది పక్కవాళ్లమీద పడకుండా చూసేదీ ఆమే. తండ్రి తాతబాబు విజయనగరం నుంచి వచ్చి కిరండూల్ రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ మాట్లాడుతూ పెరిగింది కాబట్టి, ఆస్పత్రిలో ఎవరికేం చెప్పాలన్నా డాక్టర్లు ఆమెనే పిలిచేవారు.

జులైలో తోంగ్‌పాల్ నుంచి ఒక చిన్నపిల్ల వచ్చింది. కంట్లో గడ్డ. బియ్యపు గింజంత అయోడిన్ గింజలు కొన్ని ఒక చిన్న బిళ్లలో పేర్చి కంటిగుడ్డుకు కుట్టారు. తల్లి లోపలికి రావడానికి భయపడి గుమ్మంలోనే ఏడుస్తూ నిలబడిపోయింది. స్వర్ణకుమారి ఆమెకు సీసం కోటు తొడిగి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మీటరు పెట్టి చూపించింది. కోటు వెనక పెడితే ముల్లు కదల్లేదు. అయోడిన్ కిరణం బలహీనమైంది. దాని శక్తి ముప్పై కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు అటూ ఇటూ. అర మిల్లీమీటరు సీసం చాలు, అక్కడే ఆగిపోతుంది. ఆ రోజే ఒక అట్టమీద తెలుగులోనూ హిందీలోనూ రాసి, కోటు పక్కనే మేకుకు తగిలించింది: "లోపల రేడియేషన్ మందు ఉంది. ఈ కోటు వేసుకుంటే భయం లేదు."

ఏ మందో రాయలేదు. పల్లెటూరి తల్లికి అయోడిన్ అంటే ఏం తెలుస్తుందిలే అనుకుంది. వారానికి పిల్ల ఇంటికెళ్లిపోయింది. గింజలు పెట్టెలోకెళ్లాయి. అట్ట మాత్రం మేకునే ఉండిపోయింది.

ఆగస్టులో అదే గదికి సుక్కా వచ్చాడు. తెలుగు సరిహద్దు వైపు, భేజ్జి దగ్గరి పల్లె. యాభై దాటిన మనిషి, నాలుక పక్కన క్యాన్సరు పుండు. కోస్తే మాట పోతుంది, పుండులోనే రేడియేషన్ తీగలు పెడితే మాట మిగులుతుందని డాక్టర్ సురేష్‌బాబు తీగలకే మొగ్గాడు. వెంట కూతురు సన్నే వచ్చింది. ఐదో నెల కడుపు. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. అల్లుడు పనికోసం మిర్చి తోటలకు పోయాడు, ఇంకెవరూ లేరు. వాళ్ల ఊళ్లో జబ్బు మనిషిని ఒంటరిగా వదిలేస్తే ఊరు ఊరంతా ముఖాన ఉమ్మేస్తుంది.

సోమవారం మధ్యాహ్నం నాలుకలో గుచ్చిన ప్లాస్టిక్ గొట్టాల్లోకి ఇరిడియం తీగలు ఎక్కించారు. గంటకు ఇంత చొప్పున మెల్లగా పడుతూ, ఆరు రోజుల్లో అరవై గ్రేల మోతాదు పూర్తవ్వాలి. స్వర్ణకుమారి మంచానికి ముందు సీసపు తెర నిలబెట్టింది, నేలమీద పసుప్పచ్చ టేపు అంటించింది. సన్నేకి చెప్పింది: "ఈ గీత దాటొద్దమ్మా. రోజుకి కొంచెంసేపు తెర ఎనకాల నిలబడి చూసెళ్లిపో, అంతే." సన్నే తలూపింది. సాయంత్రం కిరండూల్ నుంచి ఫోన్ వచ్చింది, తండ్రి తాతబాబు బాత్రూంలో జారిపడ్డాడని. స్వర్ణకుమారి మర్నాటికి వచ్చేస్తానని వెళ్లింది. కొండరాళ్లు పట్టాలమీద పడి రైలు ఆగిపోయింది, రోడ్డుమీద వాగు పొంగింది. గురువారం పొద్దునగ్గానీ తిరిగి చేరలేకపోయింది.

వచ్చీరాగానే మీటరు పట్టుకుని గదికెళ్లింది. సన్నే తండ్రి మంచం పక్క స్టూలుమీద కూర్చుని, ఆయన పెదాలు తడిగుడ్డతో తుడుస్తోంది. తెర ఒక మూలకు జరిగి ఉంది. ఒంటిమీద సీసం కోటు ఉంది. కోటు ముందుకు పొడుచుకొచ్చిన కడుపూ, తండ్రి నోరూ, మధ్యలో అర మీటరు.

"బయటికి రా!" స్వర్ణకుమారి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

సన్నే ఉలిక్కిపడి లేచింది. "కోటు ఏసుకున్న గద మేడం! అట్టమీద రాసుంది గద, భయం లేదని!"

కారిడార్‌లో నర్సు ఊర్మిళ పరుగెత్తుకొచ్చింది. ఆమె ఊరు బాసగూడ. మంచి మనిషే, చెడ్డదైతే ఇది జరిగేదే కాదు. సుక్కా నోట్లో చొంగ కారుతోందనీ, చేత్తో కూతురు కోసం వెతుకుతున్నాడనీ, చూడలేక కోటిచ్చి కూర్చోబెట్టానని చెప్పింది. "రిజిస్టర్ చూశాను మేడం. జులైలో వచ్చిన పాప మందు అరవై రోజులకి సగమవుతుంది, ఈయన మందు డెబ్భై నాలుగు రోజులకి. పెద్ద తేడా ఏముంది? రెండూ అన్నదమ్ములే అనుకున్నాను."

స్వర్ణకుమారికి తిట్టాలనే ఉంది. తిట్లు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. సగమవడానికి పట్టే రోజులు మందు ఎంతకాలం ఉంటుందో చెబుతాయి గానీ, దాని కిరణం ఎంత లోతుకు దూసుకుపోతుందో చెప్పవు. ఇరిడియం కిరణాల శక్తి సగటున మూడువందల ఎనభై, అయోడిన్‌కి పదమూడింతలు. అయోడిన్‌ని పూర్తిగా ఆపే కోటు ఇరిడియంలో పదో వంతు ఆపితే గొప్ప. ఇది ఊర్మిళకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి అట్టమీద "ఈ కోటు" అని రాసి ఊరుకుంది.

డ్యూటీ గదిలో కూర్చుని లెక్క వేసింది. మీటరు దూరంలో ఒంటికి తగిలేది గంటకు సున్నా పాయింట్ ఒకటి మిల్లీసీవర్టు. దూరం సగమైతే మోతాదు నాలుగింతలు, అంటే గంటకు సున్నా పాయింట్ నాలుగు. మూడు రోజుల్లో కలిపి ఇరవై గంటలు కూర్చుంది. ఎనిమిది. కోటు ఆపిన కాస్తా, తల్లి ఒళ్లు ఆపిన కాస్తా తీసేస్తే బిడ్డ దాకా చేరింది ఆరు. అదే అయోడిన్ అయితే ఒంట్లోకి పోయేకొద్దీ కిరణాన్ని దూరంతోపాటు మాంసం కూడా మింగేసేది. అయిదు సెంటీమీటర్ల లోతుకి, దూరంవల్ల తగ్గగా మిగిలినదాంట్లో మూడోవంతే చేరేది. ఇరిడియంకి ఆ అయిదు సెంటీమీటర్ల మాంసం పెద్ద అడ్డే కాదు. నిబంధన ప్రకారం కడుపులో బిడ్డకు ఒక మిల్లీసీవర్టు దాటకూడదు, పడింది ఆరు. కానీ బిడ్డకు అవకరం రావాలంటే వంద దాటాలి. ఆరుతో ఏమీ కాదు. రెండోసారి వేసింది, మూడోసారి వేసింది. ఆరే.

సురేష్‌బాబు ఆ కాగితం చూసి కళ్లజోడు తీశాడు. "ఏమీ కానప్పుడు ఎందుకమ్మా గోల? తెర ఎనకాలే కూర్చుందని రాసేయ్. ఆ పిల్లకి కూడా చెప్పకు. భయపడుద్ది."

"నేను చెప్తాను సార్."

"నువ్వు చెప్తే ఏం జరుగుద్దో తెలుసా?"

ఆమెకు తెలియదు. ఆయనకీ తెలియదనుకోండి, ఉద్యోగ భయంతో అన్న మాట అది. కానీ ఏదో జరుగుతుందన్నది మాత్రం నిజమైంది.

గది గుమ్మంలో, తెరకు ఇవతల సన్నేని పక్కన నిలబెట్టుకుని, తండ్రీకూతుళ్లిద్దరికీ చెప్పింది. ఏదీ దాచలేదు. పొరపాటు జరిగిందనీ, ఆ అట్ట వేరే మందుకోసం తానే రాసిందనీ, ఈ మందుకు ఆ కోటు చాలదనీ. "కానీ బిడ్డకేం కాదమ్మా. పడింది చాలా కొంచెం. ఇకమీదట నువ్వు బయట కూర్చుంటే చాలు. మీ నాన్నకి ఇంకో మూడ్రోజులు తీగలుండాలి."

సన్నే కోటు విప్పి నేలమీద పడేసింది. కడుపుమీద రెండు చేతులూ పెట్టుకుంది. "మొన్న కోటు చాలన్నరు. ఇయ్యాల దూరం చాలంటున్నరు. రేపేందంటరు మేడం?"

అప్పటిదాకా సుక్కా కదల్లేదు. నోటినిండా గొట్టాలతో మాట రాదు గానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి. మెల్లగా లేచి కూర్చున్నాడు. కూతురి కడుపును చూపించాడు. తర్వాత తన నోరు చూపించాడు. తీసెయ్యమని చేత్తో లాగినట్టు సైగ చేశాడు.

"వద్దు పెద్దయ్యా!" స్వర్ణకుమారి గీత దాటి ముందుకెళ్లింది. "సగమే పడింది. ఇప్పుడు తీసేస్తే పుండు మళ్లీ లేస్తాది. సన్నేని నేను దూరంగా ఉంచుతాను, నీ పక్కన నేనుంటాను, నా మాట నమ్ము."

సుక్కా ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు, అదే ఆమెకు భరించరానిదైంది. ఒక గొట్టాన్ని వేళ్లతో పట్టుకున్నాడు. ఇక ఆలస్యం చేస్తే తానే లాగేస్తాడు. తీగ నేలమీద పడితే వార్డంతా ఖాళీ చేయాలి. సురేష్‌బాబు గంటసేపు బతిమాలి, చివరికి కాగితంమీద వేలిముద్ర వేయించుకున్నాడు. మధ్యాహ్నం తీగలు తీశారు. స్వర్ణకుమారి ఒక్కొక్కటీ లెక్కపెట్టి సీసపు కుండలో వేసింది. అరవైకి ముప్పై. సాయంత్రం తండ్రీ కూతుళ్లు సుక్మా బస్సెక్కారు.

తర్వాత విచారణ జరిగింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయమయ్యాయి. స్వర్ణకుమారి తన పేరు తానే రాసి ముంబయిలోని రేడియేషన్ నియంత్రణ బోర్డుకు రిపోర్టు పంపింది. పై నుంచి నాలుగు సూచనలు వచ్చాయి. ఆస్పత్రివాళ్లు మాత్రం ఊర్మిళను తీసేశారు, ఫిజిసిస్టు దొరకడం కష్టం గనక ఈమెను ఉంచారు. స్వర్ణకుమారి సన్నే వాళ్ల ఊరికి రెండుసార్లు వెళ్లి తిరిగి రమ్మని బతిమాలింది. రెండుసార్లూ గుమ్మంలోనే నీళ్లిచ్చి పంపేశారు.

జనవరిలో వాళ్లే వచ్చారు.

సన్నే ఒళ్లో నెలరోజుల ఆడపిల్ల. నల్లగా, నిండుగా, ఏ లోటూ లేకుండా ఉంది. ఆ సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. సుక్కా దవడ ఉబ్బిపోయి, మెడకింద బిళ్లలు గట్టిపడి ఉన్నాయి. ఆగస్టులో వాడిన తీగలు పెట్టెలో మూడోవంతు బలానికి దిగిపోయాయి, కొత్తవి తెప్పించవచ్చు. కానీ తీగలు పెట్టే దశ దాటిపోయింది. నొప్పి తగ్గించడం తప్ప చేయగలిగింది లేదని సురేష్‌బాబు హిందీలో అనేసి వెళ్లిపోయాడు.

సుక్కా స్వర్ణకుమారిని గుర్తుపట్టాడు. మనవరాలిని చూపించి ఏదో అన్నాడు. నాలుక తిరగడం లేదు, ఆమెకు అర్థం కాలేదు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

సన్నే ముందు హిందీలో అంది, తండ్రికి రాని భాషలో, ఆయనవైపు చూడకుండానే: "మేడం, మనా మత్ కర్నా." కాదనొద్దని. తర్వాత మామూలుగా తెలుగులో చెప్పింది. "ఆ తీగలు తీయించుకోబట్టే పిల్ల బతికిందంట మేడం. తనే బతికిచ్చిండంట. ఊళ్లె అందరికి జెప్తున్నడు. నిన్ను గూడ అడగమంటున్నడు, నిజమేనా అని."

ఆరు మిల్లీసీవర్టులు. తీగలు తీసినా తీయకున్నా ఈ పిల్ల ఇలాగే పుట్టేది. అవి ఇంకో మూడ్రోజులుంటే ఈ తాత కూడా బతికే అవకాశం ఉండేది.

స్వర్ణకుమారి వంగి సుక్కా చెవి దగ్గర, ఆయనకు బాగా అర్థమయ్యేలా, రెండు ముక్కల్లో చెప్పింది.

"నిజమే పెద్దయ్యా. నువ్వే బతికించావు."