ముక్కలు ఏరేసిన కూర

వట్టి అన్నం పెడితే బంటి మూతి తిప్పేసుకుంటోందని, అత్తగారు వారం రోజులుగా ఉల్లిపాయ కూర గుజ్జు కలిపి పెడుతోంది. ఆ కుక్క గిన్నెను అద్దంలా నాకేస్తుంటే చూసి ఆమెకే కడుపు నిండిపోయేది.

ఆ ఉదయం బంటి లేవలేదు. పడుకున్న చోటే పోసిన మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. కుట్టుమిషను వదిలేసి కోడలు పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ దాన్ని దుప్పటిలో చుట్టి పశువుల ఆస్పత్రికి మోసుకెళ్లారు.

డాక్టరమ్మ దాని పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి.

"ఏం పెడుతున్నారమ్మా?"

అత్తగారు చెప్పింది. "ఉల్లిముక్కలన్నీ ఏరేసే పెట్టానమ్మా!" అని కూడా అంది.

"ముక్కలు తీసినా, ఉడికించినా దాని విషం పోదు. కుక్కకి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. వెల్లుల్లి అయినా అంతే."

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు కదమ్మా..."

"అది మనుషులకమ్మా."

అత్తగారు కోడలి ముఖంలోకి చూడలేకపోయింది.

"నాకూ తెలీదత్తయ్యా. తెలిస్తే ఇద్దరం పెట్టేవాళ్లమా?" అంది కోడలు, ఆమె భుజం పట్టుకుని.

రక్తపరీక్ష చేసి, వేరే కుక్క రక్తం ఎక్కించారు. రెండు రోజులు గడిచాక గండం తప్పిందని డాక్టరమ్మ చెప్పింది. అత్తగారు దగ్గరికి వెళ్లగానే బంటి తోక ఆడించి, ఆమె వేళ్లు నాకబోయింది. ఆమె ఉలిక్కిపడి, పొద్దున ఉల్లిపాయలు తరిగిన చెయ్యి వెనక్కి లాక్కుంది.