r లేని అర్ధవృత్తం

పేపర్లు దిద్దే హాల్లో ఫ్యాన్లు ఉన్నాయి. వేయనివ్వరు. వేస్తే జవాబు పత్రాలు ఎగిరిపోతాయట. ఎగిరిపోతే పోనీ, సగం పీడా వదులుతుందని నేనంటే, పక్క కుర్చీలో ఉన్న వరాల మాస్టారు కిసుక్కున నవ్వాడు. ఆయన అసలు పేరు ఎవరూ పిలవరు. అడిగినవాడికీ అడగనివాడికీ మార్కులు వేసేస్తాడని ఆ పేరు పెట్టింది నేనే.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పరీక్షలు అయ్యాక ఊళ్లో ఉన్న లెక్కల వాళ్లందరినీ ఈ హాల్లో పోగేసి, వేరే వేరే కాలేజీల పిల్లల పేపర్లు కట్టలు కట్టి ముందు పడేస్తారు. పేరుండదు, నంబరు మీద కాగితం అతికించి ఉంటుంది. ఏ మెట్టుకి ఎన్ని మార్కులో ముందే అచ్చేసి ఇస్తారు. దాన్ని స్కీమ్ అంటారు. స్కీమ్ దాటి అర మార్కు వేయడానికి వీల్లేదు, తీయడానికీ వీల్లేదు. ఇన్నేళ్ల చాకిరీ తర్వాత నాకు లెక్కలు వచ్చో రావో తెలీదు గానీ స్కీమ్ మాత్రం బాగా వచ్చు.

ఈసారి నా ఒంట్లో ఓపిక ఇంకా తక్కువగా ఉంది. మా వాడు ఇదే పరీక్ష రాశాడు. ఇంతకుముందు రెండుసార్లు తప్పాడు. ఇప్పుడూ తప్పితే పై ఏడాదికి పంపరు, ఇంట్లో కూర్చోవాలి. లెక్కల టీచరు కొడుకు లెక్కల్లో తప్పడం మా చుట్టాలందరికీ ఇష్టమైన కబురు. వాడు రాస్తున్న సంగతి ముందే ఫారంలో రాసిచ్చాను. వాడి కాలేజీ కట్ట నా బల్ల మీదకి రాదు, ఇదే హాల్లో ఇంకెవరి బల్ల మీదకో వెళుతుంది. పరీక్ష రాసి వచ్చిన రోజు, "అర్ధవృత్తం వచ్చిందమ్మా, రాశాను, అది పడితే పాసవుతా" అన్నాడు. ఆ మాట పట్టుకుని బతుకుతున్నాను.

ఆ ప్రశ్న ఇది. వ్యాసార్ధం a ఉన్న అర్ధవృత్తాకారపు పలక సెంట్రాయిడ్ ఎక్కడుంటుందో ఇంటిగ్రేషన్‌తో కనుక్కోండి. అట్టముక్కని అర్ధచంద్రంలా కత్తిరించి వేలి కొస మీద నిలబెడితే, ఏ చోట ఒరగకుండా ఆగుతుందో అదే సెంట్రాయిడ్. అడ్డంగా చూస్తే రెండు పక్కలా ఒకటే కాబట్టి సరిగ్గా మధ్య గీత మీద ఉంటుంది. ఆ గీత మీద ఎంత ఎత్తులో ఉందన్నదే ప్రశ్న. పలకలోని ప్రతి ముక్క వైశాల్యాన్నీ దాని ఎత్తుతో గుణించి అన్నీ కూడితే మూమెంట్ వస్తుంది. దాన్ని మొత్తం వైశాల్యంతో భాగిస్తే ఎత్తు తేలుతుంది. జవాబు 4a/3π. సగం వ్యాసార్ధం కంటే కాస్త కింద.

స్కీమ్‌లో దీన్ని డబుల్ ఇంటిగ్రల్‌తో చేశారు. మధ్య నుంచి దూరం r, కోణం θ. ఇందులో ఒక గొయ్యి ఉంది. అలా చేసేటప్పుడు చిన్న ముక్క వైశాల్యం dr dθ కాదు, r dr dθ. మధ్యకి దూరం పోయేకొద్దీ ముక్క వెడల్పవుతుంది కదా, ఆ వెడల్పే ఆ r. పిల్లలు దాన్ని మరిచిపోతారు. పైన మూమెంట్‌లోనూ మరిచిపోతారు, కింద వైశాల్యంలోనూ మరిచిపోతారు. అప్పుడు a/π వస్తుంది. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో. వ్యాసార్ధంలో మూడో వంతుకి కూడా రాదు, కానీ ముఖంలో ఎక్కడా తప్పు కనబడదు. ఆ పొద్దున నేను దిద్దినవాటిలో చాలామంది అలాగే మునిగారు. అయినా మెట్టుమెట్టుకీ మార్కులున్నాయి కాబట్టి పదికి ఐదు వచ్చేవి.

మధ్యాహ్నం ఒక పేపరు దగ్గర నా చెయ్యి ఆగింది. ఎవరో పిల్లో పిల్లాడో, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, θ జోలికే పోలేదు. పలకని అడ్డంగా సన్నటి పట్టీలుగా కోసేశారు. y ఎత్తులో ఉన్న పట్టీ పొడవు 2√(a²−y²), మందం dy. ఎత్తుతో గుణించి సున్నా నుంచి a దాకా కూడితే 2a³/3. వైశాల్యం πa²/2తో భాగిస్తే 4a/3π. నాలుగు వరుసల్లో లెక్క అయిపోయింది. సింగిల్ ఇంటిగ్రల్, r బెడదే లేదు. మా వాడికి భోజనాల బల్ల మీద అట్టముక్క కత్తిరించి నేను నేర్పింది సరిగ్గా ఇదే. ఆ పద్ధతొక్కటే వాడి బుర్రకెక్కింది.

స్కీమ్ చూశాను. పట్టీల ఊసు లేదు. మెట్లన్నీ r, θలకే. ఆ లెక్కన ఈ పేపరుకి అడ్డం కొలత సున్నా అన్నందుకు ఒకటి, వైశాల్యానికి రెండు, చివరి జవాబుకి ఒకటి, మొత్తం నాలుగు. తప్పు చేసినవాడికి ఐదు, ఒప్పు చేసినవాళ్లకి నాలుగు. నా ఒళ్లు మండింది. పేపరు పట్టుకుని లేచాను.

"కూర్చోండి మేడమ్, ఎండలో ఎందుకు గొడవ" అన్నాడు వరాల మాస్టారు.

"ఎండ బయట ఉంది మాస్టారూ. నాకు లోపల మండుతోంది."

దిద్దేవాళ్లందరి మీదా పెద్దాయన, చీఫ్ ఎగ్జామినరు, హాలు చివర బల్ల దగ్గర కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంటున్నాడు. పాపం ఆయనా అలిసిపోయాడు. వారం నుంచి అందరి తగువులూ ఆయనే తీరుస్తున్నాడు. పేపరు ముందు పెట్టాను.

"స్కీమ్‌లో లేదు కదమ్మా" అన్నాడు చూడకుండానే.

"ప్రశ్నలో ఇంటిగ్రేషన్‌తో అని ఉందండీ. డబుల్ అని ఎక్కడుంది? ఒకసారి చదవండి."

చదివాడు. పట్టీల లెక్క కూడా చూశాడు. తప్పు లేదని ఆయనకీ తెలుసు. కుర్చీలో వెనక్కి వాలి, గొంతు తగ్గించి, "మీ అబ్బాయి కూడా రాశాడు కదా ఈ పరీక్ష? ఫారం చూశాను. నేనేం అనుకోను గానీ, రేపు ఎవరైనా అడిగితే బాగుండదు. పట్టీలు వేసినవాళ్లందరికీ ఒక్కసారిగా మార్కులు పెరిగితే పైవాళ్లు నన్ను అడుగుతారు" అన్నాడు.

ఆయన తప్పుగా అనలేదు. అందుకే అంత నొప్పి పుట్టింది. ఒప్పు కోసం అడుగుతున్నానా, మా వాడి కోసం అడుగుతున్నానా అంటే, రెండూనూ. ఆ రెండోది ఆయన నోటి నుంచి వినేసరికి చెంప మీద కొట్టినట్టయింది. చుట్టూ రెండు బల్లల వాళ్లు పెన్నులు ఆపి వింటున్నారు.

"మార్కులు పెరగడమే మీకు బాధైతే తగ్గించే దారీ చెబుతాను" అన్నాను. గొంతు నాకే పెద్దగా వినబడింది. "పట్టీలకి పూర్తిగా ఇవ్వండి. r మరిచినవాళ్లకి స్టెప్ మార్కులు ఎత్తేయండి. మూమెంట్ తప్పు, వైశాల్యం తప్పు, జవాబు తప్పు. ఇంక దేనికివ్వాలి ఐదు? అడ్డం కొలతకి ఒకటి వేసి ఊరుకోండి. ఇంకేం, లెక్క సరిపోయింది. నేను మా వాడి కోసం జాలి అడుక్కోవడం లేదండీ."

వరాల మాస్టారు వెనకే వచ్చి నిలబడ్డాడు. "అంత వద్దులెండి మేడమ్. r మరిచిపోవడం అందరికీ ఉండేదే. పిల్లలు మెట్లు వేశారు కదా."

"మీరు వేసే వరాల వల్లే వీళ్లకి r అంటే లెక్కలేదు మాస్టారూ. కాస్త ఊరుకోండి."

చీఫ్ కాసేపు ఆలోచించాడు. ఎటు నుంచి ఎవరడిగినా చెప్పుకోవడానికి ఆయనకిది బాగానే ఉంది. లేచి, బల్ల మీద తట్టి, అందరికీ వినబడేలా రెండు మార్పులూ చెప్పాడు. దిద్దేసినవి కూడా మళ్లీ తీసి సరిచేయమన్నాడు. హాలంతా ఉసూరుమంది. నన్ను తిట్టుకోని బల్ల ఒక్కటి లేదు.

నా కట్ట నేను మళ్లీ విప్పాను. గుండ్రటి అక్షరాల పేపరుకి పదీ వేశాను. తర్వాత పొద్దున ఐదు వేసిన పేపర్లు ఒక్కొక్కటే తీసి, ఐదు కొట్టేసి ఒకటి వేస్తూ పోయాను. అందులో ఒకటి, ప్రతి వరుస కిందా స్కేలుతో గీత గీసి, ఎంతో శ్రద్ధగా రాసిన పేపరు. నాలుగు మార్కులు పోయేసరికి పాసయిందల్లా ఫెయిలయింది. ఆ పిల్లాడి అమ్మ ఎవరో అనిపించింది. అనిపించినా అట్ట మీద మొత్తం మార్చి సంతకం పెట్టాను.

ఇంటికెళ్లేసరికి నడుము విరిగిపోతోంది. మా వాడు అన్నం వండి, గిన్నెలు తోమి పెట్టాడు. ఫలితాల ముందు వాడికి ఈ మంచితనం వస్తుంది. కంచాలు పెడుతూ, నా మొహం వంక చూస్తూ తిరుగుతున్నాడు.

"ఏంట్రా ఆ చూపులు? అడుగు."

"ఏం లేదమ్మా. ఇవాళ బాగా అలిసిపోయినట్టున్నావు."

"అలిసిపోనా మరి? పట్టీల పద్ధతికి స్కీమ్‌లో మార్కుల్లేవట. చీఫ్‌తో పోట్లాడి ఇప్పించాను. పదికి పదీ. ఇంక నువ్వు హాయిగా పడుకో."

వాడు హాయిగా ఏమీ కనబడలేదు. చేతిలో ఉన్న గరిటెని గిన్నెలో పెట్టేశాడు.

"నేను పట్టీలు వేయలేదమ్మా."

"వేయలేదా? నీకు వచ్చింది అదొక్కటే కదరా."

"మా సార్ అన్నారు, పేపర్లు దిద్దేవాళ్లు స్కీమ్ తప్ప ఇంకేం చూడరు, పట్టీలు కనబడితే కొట్టేస్తారు, భయముంటే డబుల్ ఇంటిగ్రలే వేయమని. నువ్వూ అంటుంటావుగా, స్కీమ్‌లో లేనిదానికి మార్కుల్లేవని. అందుకే కష్టపడి అదే వేశాను. రాసిందంతా గుర్తుంది కూడా."

"సరే, మంచిపనే" అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "జవాబు ఎంతొచ్చింది?"

"a బై పై."

నా మొహమే చెప్పేసినట్టుంది.

"తప్పా?" అన్నాడు. కాసేపు తనలో తనే లెక్క వేసుకున్నాడు, పెదవులు కదులుతున్నాయి. "అబ్బా. r మరిచిపోయాను కదూ. రెండుచోట్లా." తర్వాత వాడే నన్ను ఓదార్చాడు. "పోనీలే అమ్మా. మెట్లన్నీ వేశాను, స్టెప్ మార్కులు వస్తాయిగా. ఐదొస్తే చాలు నాకు. గట్టెక్కేస్తా."

"రావు నాన్నా. ఒకటే వస్తుంది."

"అదేంటి? ఎప్పుడూ ఇస్తారుగా."

"ఇవాళ మధ్యాహ్నం తీసేశారు."

"ఎవరు తీయించారు?"

"నేనే."

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నీళ్ల గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. "మరి రేపు వెళ్లి మళ్లీ పెట్టించమ్మా. అంతమంది పిల్లలకి పోతున్నాయి కదా. అది అన్యాయమే కదా" అన్నాడు.

అన్యాయమే. మధ్యాహ్నం వరాల మాస్టారు అన్నప్పుడే తెలుసు, అన్యాయమని. ఇందాకటిదాకా అయితే ఎవరితోనైనా పోట్లాడేదాన్ని.

"ఇప్పుడు నువ్వేం రాశావో నాకు తెలిసిపోయింది నాన్నా" అన్నాను. "ఇంక నేను నోరెత్తకూడదు."