ఆగస్టు ఒకటి నుంచి పద్దెనిమిది వందలు

ఏ తల్లి అయినా నాతో ఒక్క మాట చెప్పకుండా బిడ్డను మాన్పించేస్తుందేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. పోట్లాడి మాన్పిస్తే ఫరవాలేదు. తప్పెక్కడో తెలుస్తుంది. మాట్లాడకుండా వెళ్లిపోతే ఏం చేస్తాను?

స్టీలు ప్లాంటు పక్క బస్తీ ఖుర్సీపార్‌లో మాది రెండు గదుల ఇల్లు. పనులకు వెళ్లే తల్లులు పొద్దున ఎనిమిదింటికి పిల్లల్ని మా ముందు గదిలో దింపి, సాయంత్రం ఆరింటికి తీసుకెళ్తారు. బయటి పిల్లలు ఎనిమిది మంది, నా కూతురితో తొమ్మిది. ఒక్కో బిడ్డకు నెలకు పదిహేను వందలు. మూడేళ్లుగా అదే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ పడుకుంటారు. ఆకుపచ్చ కర్టెన్‌లోంచి వచ్చే ఎండలో గదంతా చెరువు అడుగులా ఉంటుంది. దూరంగా ప్లాంటు హోరు. తొమ్మిది ఊపిరులు తొమ్మిది రకాలుగా లేచి, పడి, కాసేపటికి ఒకే ఊపిరి అయిపోతాయి. ఆ వేళ నాకూ కళ్లు మూతలు పడతాయి. పిల్లలందరూ చాపలతో సహా మెల్లగా ఎక్కడికో తేలిపోతున్నట్టు, నేను గట్టున నిలబడి లెక్కపెడుతున్నట్టు ఉంటుంది. ఉలిక్కిపడి లేచి మళ్లీ లెక్కపెడతాను.

మే నెలలో ఒక రోజు ఆ లెక్కలో ఒకరు తక్కువయ్యారు. నేను పెరట్లో ఒక పాపను కడుగుతున్నాను. కుముదిని కొడుకు చక్రి, మూడేళ్లవాడు, గేటు తోసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. కూరగాయల బండి ఆవిడ ఎత్తుకొచ్చి నా చేతిలో పెట్టింది. కుముదిని ఒక క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. సాయంత్రం ఆమెకు అంతా చెప్పేశాను. వాణ్ణి గుండెకు అదుముకుని, "దొరికినాడు కదా, పోనీలే అక్కా" అంది. మిగతా తల్లులకు చెప్పడానికి నోరు రాలేదు.

జూన్ నుంచి పిల్లల్ని చూడటానికి వనజాక్షి అనే ఆమెను తోడు పెట్టుకున్నాను. ఆమెకు నెలకు మూడు వేలు. అది నా చేతిలోంచి ఎన్నాళ్లు వస్తుంది? బిడ్డకు మూడు వందలు పెంచక తప్పలేదు. పెంచినా వచ్చేది ఇరవై నాలుగు వందలే.

"చెప్పడం దేనికే?" అన్నాడు మా ఆయన గిరీష్, ఆటో తుడుచుకుంటూ. "పాలల్లో చెంబుడు నీళ్లు పొయ్యి. ఎవరికి తెలుస్తాది? ఖతం."

"తాగే పిల్లలకి తెలుస్తాది" అన్నాను.

ఎనిమిదో క్లాసులో ఆపేసిన చదువుతో తల్లులకు ఇవ్వడానికి కాగితం రాసి, పక్కింటి గురునాథరావు బాబాయికి చూపించాను. రిటైరయ్యేదాకా ప్లాంటు ఆఫీసులో సర్క్యులర్లు రాసిన మనిషి. కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదివాడు.

"'ధరలన్నీ పెరిగిపోతున్నందున'... ఏ ధరమ్మా? ఉప్పుదా, పప్పుదా? 'దయచేసి క్షమించగలరు'... ఏటి, దొంగతనం గానీ చేసినావేటి?"

"మరెలా రాయాలి బాబాయ్?"

"ఎంత, ఎప్పట్నుంచి, ఎందుకు. అంతే. నెల ముందు చెప్పాల. ఈ నెలది ఇచ్చేసినోళ్లని మళ్లీ అడక్కూడదు. ఏటి మారదో అదీ రాయాల. నిజం రాయి, పొట్టిగా రాయి."

అలాగే రాశాను:

"ఆగస్టు ఒకటో తేదీ నుంచి బిడ్డకు నెలకు పద్దెనిమిది వందలు. జూలైకి పాత డబ్బే. మే నెలలో ఒక పిల్లవాడు గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. అందుకని వనజాక్షిని తోడు పెట్టుకున్నాను. ఈ పెంపు ఆమె జీతానికే. పాలు, అన్నం, వేళలు మారవు. కుదరనివారు జూలై ఇరవై ఐదులోగా చెప్పండి."

వెనక వైపు హిందీలో రాయించాను. ఇక్కడి హిందీ బడుల్లో చదివిన కుర్ర తల్లులు కొందరికి తెలుగు అక్షరాలు రావు.

"గేటు సంగతి రాస్తే ఒక్కరూ ఉండరు" అన్నాడు గిరీష్. నిజమేనేమో అనిపించింది. అయినా కొట్టేయలేదు.

జూలై ఒకటి సాయంత్రం గుమ్మం దగ్గర కాగితాలు పంచాను. నర్సు జ్యోత్స్న చదివి తలెత్తింది.

"దీదీ, ఇది ఆ రోజే చెప్పాలి కదా?"

"చెప్పాల్సింది. భయపడ్డాను."

"మూడు వందలు ఓకే. కానీ ఇంకోసారి దాచావంటే నేనే కొడతాను నిన్ను." పాపను చంకనేసుకుని నవ్వేసింది.

ప్రవీణ్‌కుమార్, కవల పిల్లల తండ్రి, గేటు దగ్గరికెళ్లి రెండుసార్లు ఊపి చూశాడు. "గొళ్లెం పైకి మార్పించినావా? మరి అది రాయవేటి? మంచి పని చేసి దాచుకుంటావు!"

నా గుండె తేలికైంది. అప్పుడే ఎవరో వెనకనుంచి అన్నారు: "ఎవడో గానీ, ఆ బుడ్డోడి పుణ్యమా అని మనకి మూడొందలు!" అందరూ నవ్వారు. అందరూ ఉండిపోతున్నారన్న సంతోషంలో నేనూ నవ్వాను. కుముదిని వంగి చక్రి చెప్పులు తొడుగుతోంది. ఆమె తలెత్తలేదు.

మర్నాడు చక్రి రాలేదు. మూడో రోజూ రాలేదు. కుముదిని జూలై డబ్బు అప్పటికే ఇచ్చేసింది కూడా. ఫోన్ స్విచ్ఛాఫ్. వాడి చాప వేసే చోటు మధ్యాహ్నం ఖాళీగా ఉంటే, నిద్రలోని పిల్లలు దొర్లుతూ దొర్లుతూ కూడా అక్కడికి వచ్చేవారు కాదు. ఎండ ఒక్కటే వచ్చి అక్కడ పడుకునేది.

నాలుగో రోజు పిల్లల్ని వనజాక్షికి అప్పజెప్పి కుముదిని అద్దెగదికి వెళ్లాను. ఇంటావిడ వరలక్ష్మమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఊరికి ఆ చివర రిసాలి కేసి ఎల్లిపోనాదమ్మా. ఏ లైన్లో ఏ గదో తెలీదు. మావోడి వల్ల అందరికీ రేటు పెరిగింది, ఏ మొగం పెట్టుకుని దింపను పిన్నీ అని ఒకటే ఏడుపు."

తిరిగొస్తుంటే రోడ్డు, ఇళ్లు, సైకిళ్లు అన్నీ నీళ్లలో కదులుతున్నట్టే ఉన్నాయి. నేను అబద్ధం రాయలేదు. కానీ గేటు గొళ్లెం వేయనిది నేను. తొమ్మిది మందిని ఒక్కదాన్నే చూడగలననుకున్నది నేను. కాగితం మీద మాత్రం తప్పు చేసినవాడు మూడేళ్ల పిల్లవాడు.

ఆ మధ్యాహ్నమే మళ్లీ రాశాను: "మే నెలలో గొళ్లెం వేయడం నేను మరిచాను. ఒక్కదాన్నే ఇంతమందిని చూడలేకపోయాను. తప్పు నాది, ఏ బిడ్డదీ కాదు. అందుకే రెండో మనిషి, అందుకే పెంపు. తేదీ, డబ్బు ముందు చెప్పినవే. ఎవరికి ఇబ్బందైనా బిడ్డను మాన్పించే ముందు నాతో ఒక్క మాట చెప్పండి, సర్దుకుందాం." ఈసారి పంచి ఊరుకోలేదు. గుమ్మంలో నిలబడి అందరికీ చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు. ఆగస్టు ఒకటిన ఏడుగురి డబ్బూ వచ్చింది.

మొన్న వనజాక్షి రిసాలిలో కుముదినిని దూరంనుంచి చూసిందట. పొద్దున్నే గబగబా పనికి నడిచిపోతోంది. పిలిచేలోపు మలుపు తిరిగిపోయింది. చక్రి వెంట లేడు. వాణ్ణి చూసుకోవడానికి ఆమెకు అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు.

మీరు రిసాలి వైపు ఉంటే, కొత్తగా దిగిన తల్లీకొడుకుల గది ఎక్కడో కనుక్కోండి. వాడి ఎడమ కనుబొమ మీద చిన్న గాటు ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి లేస్తాడు. లేవగానే నీళ్లు అడుగుతాడు. ఆ వేళకు ఒక్కసారి తలుపు తట్టి, లోపల వాడి దగ్గర ఎవరైనా ఉన్నారో లేదో చూడండి.