టిక్కు కాదు, పేరు

ఆసుపత్రిలో తమ్ముడి ఆత్మహత్య ప్రమాదం లెక్కకట్టిన కాగితంలో రెండు టిక్కులున్నాయి. కుటుంబం ఉంది. ఉద్యోగం ఉంది. టిక్కుకి రెండేసి మార్కులు తీసేశారు. తొమ్మిది కాస్తా ఐదయింది. ఐదంటే ‘ప్రమాదం తక్కువ’. ఇంటికి పంపేశారు. పదకొండో రోజున పోయాడు.

ఆ కుటుంబం నేనే. అమ్మ మంచంలో ఉన్నప్పుడు ఎవరు ఎక్కువ చేశామన్న గొడవలో మా మధ్య అప్పటికి ఎనిమిది నెలలుగా మాటల్లేవు. అక్క ఉందా అని వాణ్ణి అడిగారు. ఉందన్నాడు. అబద్ధం చెప్పలేదు కదా!

రెండేళ్లు ఆ ఆసుపత్రికి అర్జీలు పెట్టాను. నేను బట్టలు కుట్టేదాన్ని, డాక్టర్ల భాష నాకు రాదు. నేర్చుకున్నాను. చివరికి నా నోరు మూయించడానికేమో, కొత్త కాగితం తయారుచేసే కమిటీలో నన్నూ వేశారు.

మానసిక వైద్య విభాగం డాక్టరు మొండివాడు, చెడ్డవాడు కాదు. కొత్త కాగితంలో మార్కుల లెక్కే వద్దని ఆయనే ఎత్తేశాడు. “ఎవరు ఉంటారో ఎవరు పోతారో మార్కులు చెప్పలేవమ్మా,” అన్నాడు. చావు ఆలోచనలు వస్తున్నాయా, ఎలా అన్నది అనుకున్నారా, ఇంతకుముందు ప్రయత్నించారా, అన్నీ సూటిగా అడగాలని రాశాడు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదట. బాగుంది. కానీ ‘రక్షణనిచ్చేవి’ అన్నచోట మళ్లీ టిక్కులే పెట్టాడు.

“రోజుకి అరవై మంది వస్తారు. పేర్లు, నంబర్లు రాస్తూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది.”

“మా వాడికి టిక్కులతోనే అంతా అయిపోయింది,” అన్నాను.

కమిటీలో ఉన్న నర్సు కలగజేసుకుంది. “గొడవెందుకు? ఒకసారి నింపి చూద్దాం. నేను అడుగుతా, ఈ అక్క పేషెంటు అనుకుందాం. సార్ గడియారం చూస్తారు. కానీ రాసిన నంబరుకి అక్కడికక్కడే ఫోన్ చేసి చూడాలి. సగం నంబర్లు పనిచెయ్యవు.”

మొదలుపెట్టాం. రిస్కు ప్రశ్నలు అయ్యాక నర్సు, మనసు బాగోనప్పుడు ఏం చెయ్యాలో రాసుకునే భద్రతా ప్రణాళిక పేజీకి వచ్చింది. కాగితం ఇద్దరికీ కనబడేలా మధ్యలో పెట్టింది.

“మనసు జారిపోతోందని మీకు ముందుగా ఎలా తెలుస్తుంది?”

“మిషను ముందు కూర్చుని తొక్కకుండా అలాగే ఉండిపోతా.”

అదే రాసింది. “‘ఆసక్తి తగ్గుట’ అంటే సరిపోదా?” అన్నాడు డాక్టరు.

“ఇంటికెళ్లి చదువుకునేది ఆవిడ సార్, మీరు కాదు.” నా వైపు తిరిగింది. “ఒంటరిగా ఏం చేస్తే కాస్త తేలికవుతుంది?”

“పాత బట్టల కుట్లు విప్పుకుంటూ కూర్చుంటా.”

“ఎవరితో మాట్లాడితే?”

“తమ్ముడితో.”

ఆలోచించకుండా వచ్చేసింది. నంబరు అడిగింది. అప్పజెప్పినట్టు చెప్పాను. ఆసుపత్రి ఫోను తీసి నొక్కింది.

నా సంచిలో మోగింది.

వాడి ఫోను ఆగిపోకుండా రెండేళ్లుగా రీఛార్జి చేయిస్తున్నాను. సంచి లోపలికి చెయ్యి పెట్టలేకపోయాను. మోగి మోగి అదే ఆగింది. డాక్టరు గడియారం బల్ల మీద బోర్లా పెట్టాడు.

నర్సు కలం పక్కన పెట్టింది. “అక్కా, ఇది ఇక ఆట కాదు. నిజంగా అడుగుతున్నా. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?”

“మొదటి ఏడాది వచ్చేది, వాడి దగ్గరికి పోవాలని. ఇప్పుడు రావడం లేదు.”

“ఏం చేసుకోవాలని ఎప్పుడైనా అనుకున్నారా?”

“లేదు. వాడు ఒక్కసారి ఫోనెత్తి ‘ఏంటే అక్కా’ అంటే చాలనిపిస్తుంది. రోజూ అనిపిస్తుంది.”

ఆమె తల ఊపింది. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. మళ్లీ కలం తీసుకుని అంది: “తమ్ముడి పేరు ఉండనీ. పైన, మిమ్మల్ని బతికించేవాటిలో రాద్దాం. ఈ గీత మీద మాత్రం ఫోనెత్తేవాళ్లు కావాలి.”

చాలాసేపు ఎవరూ తట్టలేదు. టిక్కు కోసం అడిగి ఉంటే ‘బంధువులు: ఉన్నారు’ అని నేనూ గలగలా చెప్పేసేదాన్నే. చివరికి మా షాపు పక్కన బొత్తాలమ్మే పిన్ని నంబరిచ్చాను.

మొదటి రింగుకే ఎత్తింది. “ఏమే, షాపు మూసేసి ఎక్కడ తిరుగుతున్నావ్?”

“పిన్నీ, నాకు మనసు బాగోనప్పుడు నీకు ఫోన్ చెయ్యొచ్చా?”

“దానికి పర్మిషనొకటా? చెయ్యకపోతే తంతా.”

తర్వాత ఆసుపత్రి నంబరు, ఇంట్లో ప్రమాదమైనవి ఎవరికిచ్చి దూరంగా ఉంచాలన్నది, అన్నీ పూర్తిచేశాం. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. డాక్టరు కంప్యూటరు ముందు కూర్చుని టిక్కుల గళ్లు ఒక్కొక్కటీ కొట్టేశాడు. ‘ఎవరు? ఫోనెత్తారా?’ అని రాశాడు. కింద ఇంకో వాక్యం: ‘ఇవి ఉన్నాయని ప్రమాదం తక్కువని లెక్కకట్టరాదు.’

“అరవై మంది?” అన్నాను.

“ఇంకో నర్సుని అడుగుతా. మీరూ ఓ అర్జీ పెట్టండి, మీకది బాగా వచ్చుగా.”

నా ప్రణాళిక కాపీ మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. తమ్ముడి ఫోనుకి ఛార్జింగు పెడుతుంటే వెలిగింది. మిస్డ్ కాల్ ఒకటి. ఆసుపత్రి నుంచి.

వాడికి ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారైనా రావాల్సిన ఫోను.

చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత పిన్నికి ఫోన్ చేశాను. పొద్దున్నే ఆసుపత్రికెళ్లి, కాగితం అడుగున ఇంకో గీత చేర్పించాను: ‘ఇంటికి పంపాక మూడు రోజుల్లోపు ఫోన్ చేసింది ఎవరు?’