మాటకు వేసిన మార్కులు

సాలూరులో లారీకి జబ్బు చేస్తే వైద్యం చేసేవాళ్లకు కొదవ లేదు. కొత్త లారీల్లో కంప్యూటర్లు వచ్చాకే చిక్కొచ్చింది. అందుకే బైపాస్ పక్కనున్న లారీ షోరూమువాళ్లు ఎలక్ట్రీషియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు పెట్టారు. పెట్టినవాడు వర్క్‌షాప్ ఇన్‌ఛార్జి నరసింగరావు. మనిషి మంచివాడే, కానీ ఎదుటివాడి గొంతు వినగానే వాడి జాతకం చెప్పేయగలనని ఒక నమ్మకం. ఆ నమ్మకం ఎవడి కొంప ముంచిందో వినండి.

ముందు వచ్చిన పృథ్వీరాజ్ అడిగినవన్నీ గడగడా చెప్పేశాడు. తర్వాత ఈశ్వర్. చదువు పదితో ఆపేశాడు. తుక్కు లారీల వైరింగు విప్పుకుంటూ, ఫోన్లో వీడియోలు చూసుకుంటూ నేర్చుకున్నాడు. ఈ ఉద్యోగం రాకపోతే చెన్నైకి కూలిపనికి పోవాల్సిందే. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ఇప్పటికే కబురు పెట్టాడు.

"సెన్సార్లకి కరెంటు ఎన్ని వోల్టులు వెళ్తాది?" అడిగాడు నరసింగరావు.

ఈశ్వర్ గబుక్కున లేచి నిలబడ్డాడు. "అదీ... సార్... ఐదు..." అని ఆగిపోయాడు. మోకాలు బల్లకు తగిలి టీ గ్లాసు ఒలికింది.

"ఇంత బయమైతే లారీ ఏటి బాగుసేస్తావురా?" అని, నరసింగరావు అక్కడికక్కడే ట్యాబులో నోటి పరీక్షకు సున్నాకు దగ్గర మార్కులు వేశాడు. కింద 'భయస్తుడు, పని రాదు' అని రాసి విశాఖ ఆఫీసుకు పంపించేశాడు. పని చూడకుండా పని రాదని రాసేశాడండీ! అయ్యో, ఆ వేలు అప్పుడే ఎందుకు విరగలేదో!

పని పరీక్ష ఇద్దరికీ ఒకటే. షెడ్డులో ఒక లారీకి పాడైన సెన్సారు ముందే బిగించి పెట్టాడు. ఇంజను లాగదు. స్కానర్ పెడితే మూడు సెన్సార్లు పాడైనట్టు చూపిస్తుంది. పృథ్వీరాజ్ మూడూ మార్చెయ్యమన్నాడు.

ఈశ్వర్ వోల్టులు కొలిచే మీటరు పట్టుకున్నాడు. పక్కన నరసింగరావు నిలబడితే మీటరు మొన తీగకు ఆనడం లేదు, చెయ్యి అంత వణుకుతోంది. ఇంతలో ఫోను మోగి నరసింగరావు బయటికి వెళ్లాడు. మాట్లాడుతూ కిటికీలోంచి చూస్తే ఆ చెయ్యే నిబ్బరంగా ఉంది. తిరిగొచ్చి నిలబడ్డాడు, మళ్లీ వణుకు. అప్పుడు తట్టింది ఆయనకు: వీడి భయం లారీ అంటే కాదు, నేనంటే.

నరసింగరావు టైరు మీద పక్కకు తిరిగి కూర్చున్నాడు. "నాకు పాఠం సెప్పక్కర్లేదు. ఇప్పుడేటి సేస్తన్నావో, ఎందుకో అది సెప్పు సాలు. తొందర్లేదు."

ఈశ్వర్ మీటరు మొన తీగకు ఆనించాడు. తర్వాత నెమ్మదిగా మాట వచ్చింది.

"మూడూ ఒక్కసారే పాడవ్వవు సార్. మూడింటికీ ఐదు వోల్టులు ఒక్క తీగలోంచే వస్తాది. ఆ తీగ సూస్తే ఒక వోల్టు కూడా లేదు. ఏదో ఒకటి మిగతావోటికి కరెంటు అందనీకుండా లాగేస్తన్నాది. ఒక్కోటీ పీకి సూస్తన్నాను."

మొదటిది పీకాడు, లాభం లేదు. తిరిగి పెట్టాడు. రెండోది పీకగానే మీటరులో ఐదు కనిపించింది.

"ఇదే సార్. దీన్ని తీసీగానే తీగ కోలుకున్నాది కాబట్టి తీగ మంచిదే. సెన్సారే లోపల షార్టయి కలిసిపోనాది."

ఆ ఒక్కటే మార్చి, స్కానర్లో పాత తప్పులు తుడిచేసి, ఇంజను వేసి మళ్లీ చూశాడు. లారీ హాయిగా లాగింది.

నరసింగరావు పరుగున ఆఫీసులోకి వెళ్లాడు. పని పరీక్షకు పూర్తి మార్కులు వెయ్యబోతే ట్యాబులో ఈశ్వర్ పేరు తెరుచుకోలేదు. విశాఖ ఆఫీసులో ఉద్యోగాల సంగతి చూసే శైలజకు ఫోన్ చేశాడు.

"నోటి పరీక్షలో తప్పినవాళ్లను కంప్యూటరే తీసేస్తుందండీ, పైనుంచి వచ్చిన కొత్త రూలు. పృథ్వీరాజ్‌కి ఆర్డరు వెళ్లిపోయింది."

"నాదే తప్పమ్మా, ఆ అబ్బాయికి పని వచ్చు! కళ్లారా చూశాను!"

"పని రాదని రాసింది మీరేగా రావుగారూ? ఇప్పుడు వచ్చంటే మీకెవరో సిఫారసు చేశారనుకుంటారు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ రమ్మనండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? బయటికొచ్చాడు. ఈశ్వర్ పనిముట్లు తుడిచి, ఎక్కడివక్కడ సర్దుతున్నాడు.

"బాబూ... నీ పని బంగారం. నేనే తొందరపడి ముందే రాసీసేను. నీ పేరు తీసేసినారు. మళ్లీ ఆర్నెల్లు ఆగాలంట," అన్నాడు నరసింగరావు.

ఈశ్వర్ ఆఖరి స్పానరు పెట్టెలో పెట్టి మూత వేశాడు. "మీరేటి సేస్తారు సార్? నాకే మాటాడ్డం రాదు," అన్నాడు. ఈసారి మాట తడబడలేదు.

చొక్కా జేబులోంచి ఫోను తీసి, మేస్త్రీకి చేసి, "మావా, రేపు చెన్నైకి నేనూ వస్తన్నాను," అంటూ గేటు దాటాడు.